జర్మన్ ఆఫీసులో పిచ్చాపాటి: వానతో మొదలుపెట్టి ‘వెళ్లొస్తాను’ దాకా

హాంబుర్గ్‌లో కొత్త ఉద్యోగం. రెండో వారం, శుక్రవారం, ఉదయం పది కావస్తోంది. కాఫీ కోసం ఆఫీసు వంటగదిలోకి వెళ్లారు. దాన్ని అక్కడ ‘టేక్యుశె’ అంటారు. యంత్రం కాఫీ గింజలు మరపడుతోంది. అంతలో పక్క బల్ల దగ్గర కూర్చునే సహోద్యోగి తడిసిన గొడుగు విదిలిస్తూ లోపలికి వచ్చారు. కప్పు నిండడానికి నలభై సెకన్లు పడుతుంది. ఆ నలభై సెకన్లూ మౌనంగా గడిపితే ఇద్దరికీ ఇబ్బంది. మాట్లాడదామంటే బీ1 పరీక్షలో నేర్చుకున్న వాక్యమేదీ నోటికి రాదు.

ఈ వ్యాసమంతా ఆ వంటగదిలోని మూడు నాలుగు నిమిషాల గురించే. వాతావరణంతో మొదలుపెట్టడం, అక్కడి నుంచి వారాంతానికి వెళ్లడం, ఎవరూ నొచ్చుకోకుండా ముగించడం. ముందే ఒక మాట చెప్పాలి. మనలో చాలామంది జర్మన్‌ను ఇంగ్లీషు మీదుగా నేర్చుకుంటాం. వ్యాకరణ పుస్తకాలకు అది పనికొస్తుందేమో కానీ పిచ్చాపాటికి తెలుగు మీదుగా వెళ్లడమే దగ్గరి దారి. ఎందుకంటున్నానో ఒక్కో మెట్టు దగ్గరా చూపిస్తాను.

ఉచ్చారణ కోసం చిన్న ఒప్పందం చేసుకుందాం. జర్మన్ మాటలను తెలుగు లిపిలోనే రాస్తున్నాను. ‘ఇశ్’ అనే మాటలోని శకారాన్ని నాలుకను అంగిలికి దగ్గరగా తెచ్చి మెత్తగా పలకాలి. ‘ష్యోన్’లోని షకారం మన షకారమే. తెలుగులో శ, ష వేర్వేరుగా ఉండటం ఇక్కడ మనకు కలిసొచ్చింది. ‘ఖ్’ అని రాసినచోట గొంతులో నుంచి గాలి ఒరుసుకుంటూ రావాలి. ‘యో’, ‘యూ’ అని రాసినవి మాత్రం నిజానికి యకారాలు కావు. పెదవులను ‘ఓ’ అన్నట్టు గుండ్రంగా చుట్టి లోపల ‘ఏ’ అంటే ష్యోన్‌లోని అచ్చు వస్తుంది. పెదవులను ‘ఊ’ అన్నట్టు చుట్టి లోపల ‘ఈ’ అంటే రెండోది వస్తుంది. అద్దం ముందు పది సార్లు చేస్తే పట్టుబడుతుంది.

మొదటి మెట్టు: మీరా, నువ్వా?

నోరు తెరిచే ముందు తేల్చుకోవలసింది ఇదే. జర్మన్‌లో ‘జీ’ అంటే మీరు, ‘డూ’ అంటే నువ్వు. ఇంగ్లీషువాళ్లకు ఈ తేడా కొత్తగా ఉంటుంది కానీ మనకు పుట్టుకతో వచ్చినదే. అయితే ఒక తేడా ఉంది. మన దగ్గర కొత్త మనిషిని మీరు అని మొదలుపెట్టి, చనువు పెరిగాక ఎప్పుడో తెలియకుండానే నువ్వులోకి జారిపోతాం. అక్కడ అలా జారిపోరు, అడిగి మారతారు. వయసులోనో హోదాలోనో పెద్దవారు “వొలెన్ వీర్ ఉన్స్ డూట్సెన్?” అంటారు. ఒకరినొకరం నువ్వు అనుకుందామా అని అర్థం. “గెర్న్!”, అంటే సంతోషంగా, అంటే చాలు, అప్పటి నుంచి డూ. ఒకసారి డూలోకి వచ్చాక మళ్లీ జీ అంటే మనసు విరిగిందన్నట్టుగా ఉంటుంది.

చాలా సాఫ్ట్‌వేర్ ఆఫీసుల్లో మొదటి రోజు నుంచే అందరూ డూ అనుకుంటారు. బ్యాంకుల్లో, ప్రభుత్వ కార్యాలయాల్లో, పాతకాలపు సంస్థల్లో జీ ఇంకా గట్టిగానే ఉంది. తెలియనప్పుడు ఎదుటివారు మిమ్మల్ని ఏమన్నారో విని అదే తిరిగి వాడండి. మనకు ఇంకొక చిక్కు కూడా ఉంది. పైవాళ్లను నువ్వు అనడానికి నోరు రాదు. మేనేజరు డూ అంటున్నా మీరు జీ అంటూ ఉంటే, ఆయనకు అది మర్యాదగా కాక దూరంగా తోస్తుంది. ఆయన డూ అన్నారంటే మీరూ అనవచ్చు. అందులో తప్పేమీ లేదు.

కింది వాక్యాలన్నీ డూతో రాశాను. జీ వాడాల్సినచోట ‘హాస్ట్ డూ’ను ‘హాబెన్ జీ’గా, ‘డీర్ ఔఖ్’ను ‘ఈనెన్ ఔఖ్’గా మార్చుకోండి.

రెండో మెట్టు: వాతావరణం

పలకరింపు చిన్నదిగా ఉంటే చాలు. హాంబుర్గ్‌లో “మొయ్న్!” అంటారు, అదీ పగలూ రాత్రీ తేడా లేకుండా. మ్యూనిక్‌లో “సెర్వుస్” లేదా “గ్ర్యూస్ గొట్”. ఎక్కడైనా చెల్లేది “హాలో”. ఆ వెంటనే వాతావరణం. కంటికి కనబడుతున్న దాని గురించే చెప్పండి. గొడుగు తడిసి ఉంది కాబట్టి “నా, నాస్ గెవొర్డెన్?” అనవచ్చు. ‘ఏం, తడిసిపోయావా?’ అని. లేదా “ఎస్ రేగ్నెట్ యా షోన్ వీడర్” అనవచ్చు.

ఈ రెండో వాక్యాన్ని కాస్త ఆగి చూడండి. ‘ఎస్ రేగ్నెట్’ అంటే వాన పడుతోంది. ‘షోన్ వీడర్’ అంటే అప్పుడే మళ్లీ. మధ్యలోని ‘యా’ను చూసి అది అవును అనే మాటేనని, ఇక్కడ ఎందుకొచ్చిందని తికమకపడతారు. ఇక్కడది మన ‘కదా’. ‘మళ్లీ వాన మొదలైంది కదా’ అనడంలో ఆ కదా ఏం చేస్తోంది? ఇది నీకూ తెలుసు, నాకూ తెలుసు, ఊరికే అంటున్నాను అని చెబుతోంది. ‘యా’ కూడా సరిగ్గా అదే చేస్తుంది. అది లేకుండా “ఎస్ రేగ్నెట్” అంటే వార్త చదివినట్టుంటుంది. ఎదుటివారు కిటికీ వైపు చూసి “యా” అని ఊరుకుంటారు. అలాగే వాక్యం చివర “ఓడర్?” చేర్చితే మన ‘కదూ?’ అవుతుంది. “గాన్ట్స్ ష్యోన్ కాల్ట్ హొయ్టె, ఓడర్?” ఇవాళ బాగా చలిగా ఉంది కదూ? దీనికి జవాబు చెప్పకుండా ఎవరూ ఉండలేరు.

ఇప్పుడు అసలైన గొయ్యి. మీకు చలేస్తోంది. ఇంగ్లీషు మీదుగా వస్తే “ఇశ్ బిన్ కాల్ట్” అనేస్తారు. ‘నేను చల్లగా ఉన్నాను’ అని. తెలుగులో ఎవరైనా అలా అంటారా? ‘నాకు చలిగా ఉంది’ అంటాం. జర్మన్‌లోనూ అంతే: “మీర్ ఇస్ట్ కాల్ట్.” మీర్ అంటే నాకు. పదానికి పదం తెలుగే. వేసవిలో ఈ పొరపాటు ఇంకా ఇబ్బంది పెడుతుంది. ఉక్కగా ఉందని చెప్పబోయి “ఇశ్ బిన్ హైస్” అంటే దానికి శృంగారపరమైన అర్థం వస్తుంది. అనాల్సింది “మీర్ ఇస్ట్ హైస్”, ‘నాకు వేడిగా ఉంది’. శరీరానికి తెలిసేదైతే మీర్‌తో, బయటి వాతావరణమైతే ఎస్‌తో. “ఎస్ ఇస్ట్ కాల్ట్” అంటే బయట చలిగా ఉంది. ఆ ‘ఎస్’కు తెలుగులో సమానమైన మాట లేదు, దానికి అర్థమూ లేదు. వాతావరణం గురించిన వాక్యం కర్త లేకుండా నిలబడదు కాబట్టి దాన్ని నిలబెట్టారు, అంతే. దాన్ని వదిలేసి “రేగ్నెట్” అని ఊరుకోకండి.

వేసవి మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. మన ఉక్కపోతకు సరిపోయే జర్మన్ మాట ‘ష్వ్యూల్’. పెదవులు చుట్టి లోపల ‘ఈ’ అనే అచ్చు అది. దాన్ని మామూలు ఊకారంగా ‘ష్వూల్’ అంటే స్వలింగ ఇష్టం గల పురుషుడు అనే వేరే మాట అవుతుంది. అది తిట్టేమీ కాదు కానీ మీరు చెప్పదలచుకున్నది అది కాదు. ఆ అచ్చు ఇంకా పట్టుబడకపోతే “ఎస్ ఇస్ట్ జేర్ వార్మ్” అంటే సరిపోతుంది.

హాంబుర్గ్‌లో ఉంటే వాన గురించి నాలుగు మాటలు ఎక్కువ తెలిసి ఉండటం మంచిది. నవంబరులో అక్కడ పడేది మన తొలకరిలా కురిసి వెలిసే వాన కాదు. రోజంతా గాలిలో వేలాడినట్టుండే తుంపర. దాని పేరు ‘నీజెల్‌రేగెన్’. ఆ తడి, ఆ మబ్బు, నెల చివరికి వచ్చేసరికి సాయంత్రం నాలుగింటికే కమ్ముకునే చీకటి, వీటన్నిటినీ కలిపి ఉత్తర జర్మనీవాళ్లు ‘షీట్‌వెట్టర్’ అంటారు. అది వాళ్ల ప్రాంతపు మాట, పాడు వాతావరణం అని అర్థం. కొత్తగా వచ్చిన మీ నోటి నుంచి ఆ మాట వింటే తప్పకుండా నవ్వుతారు. ఏప్రిల్‌లో ఎండ, వాన, వడగళ్లు ఒకే పూటలో వచ్చిపోతుంటే “ఆప్రిల్, ఆప్రిల్, డేర్ మాఖ్ట్, వాస్ ఏర్ విల్” అని సామెత చెబుతారు. ఏప్రిల్ తనకు తోచినట్టు చేస్తుందని అర్థం. వాళ్లు మొదటి సగం అంటే మీరు రెండో సగం అందుకోండి.

ఫిర్యాదు చేయడానికి మొహమాటపడనక్కర్లేదు. వాతావరణాన్ని ఇద్దరూ కలిసి తిట్టుకోవడం అక్కడ స్నేహానికి మొదటి మెట్టు. కాకపోతే “మా హైదరాబాదులో అయితే ఇప్పుడు ఎంత బాగుంటుందో” అని పోల్చడం మొదలుపెడితే ఆ కలివిడి తెగిపోతుంది. వాళ్లు అడిగితే చెప్పండి. ఎలాగూ అడుగుతారు.

మూడో మెట్టు: వాన నుంచి వారాంతానికి

వాతావరణం గురించి రెండు మాటలు, పోనీ మూడు. అంతకంటే సాగదు. అక్కడి నుంచి వారాంతానికి దాటడానికి ఒక్క వాక్యం వంతెనలా పనిచేస్తుంది: “ఆమ్ వొఖెన్‌ఎండె జొల్ ఎస్ ట్రొకెన్ బ్లైబెన్.” వారాంతంలో వాన ఉండదట.

ఆ ‘అట’ను ఇక్కడ కావాలనే వాడాను. ‘జొల్’ అనే క్రియను పాఠ్యపుస్తకం ‘చేయాలి’ అనే అర్థంతో నేర్పిస్తుంది. అది పట్టుకుంటే ఈ వాక్యం ‘వాన పడకుండా ఉండాలి’ అని ఆజ్ఞలా వినిపిస్తుంది. కానీ ఎవరో చెప్పగా విన్నదాన్ని చెప్పేటప్పుడు జొల్ మన అట అవుతుంది. ‘నేను చూడలేదు, ఫోనులో చూసినది చెబుతున్నాను, జరగకపోతే నన్ను అడగకు’ అనే బాధ్యత లేని తనం రెండింటిలోనూ ఉంది. ఎండ వస్తుందట: “ఎస్ జొల్ జొన్నిశ్ వేర్డెన్.” మంచు పడుతుందట: “ఎస్ జొల్ ష్నైయెన్.” అట అనిపించినచోటల్లా జొల్ వేయండి.

ఇప్పుడు ప్రశ్న. శుక్రవారమైతే “హాస్ట్ డూ ఆమ్ వొఖెన్‌ఎండె షోన్ వాస్ ఫోర్?”, అంటే వారాంతంలో ఏమైనా అనుకున్నావా? సోమవారమైతే “వీ వార్ డైన్ వొఖెన్‌ఎండె?”, అంటే వారాంతం ఎలా గడిచింది? గురువారం మధ్యాహ్నం నుంచి మొదటి ప్రశ్న, సోమవారం మధ్యాహ్నం దాకా రెండోది బాగుంటాయి. బుధవారం నాడు గడిచిన వారాంతం గురించి అడిగితే కాస్త వింతగా ఉంటుంది.

మొదటి ప్రశ్నకు ఒక హెచ్చరిక. దాన్ని అడిగి ఊరుకుంటే ఎదుటివారికి ‘ఎక్కడికైనా పిలవబోతున్నారేమో’ అనిపించవచ్చు. అందుకే వాతావరణం మాటను ముందు పెట్టడం. వాన లేదట, మరి ఏం చేస్తున్నావు అని అడిగితే అది పిచ్చాపాటి అని తెలిసిపోతుంది. దీనికి రెండో వైపు కూడా ఉంది. మనం మర్యాదకు ‘ఒకసారి మా ఇంటికి రండి’ అంటాం. వాళ్లూ ‘తప్పకుండా’ అంటారు, అక్కడితో మర్యాద తీరిపోతుంది. జర్మన్‌లో అదే మాట అంటే, ఎదుటివారు చాలాసార్లు నిజమైన ఆహ్వానంగానే తీసుకుంటారు. ఫోను తీసి ఏ రోజు అని అడుగుతారు. రమ్మనే ఉద్దేశం ఉంటేనే పిలవండి, పిలిస్తే రోజు చెప్పి పిలవండి. ‘భోజనం చేశారా?’ సంగతీ ఇంతే. మనకది పలకరింపు. పన్నెండింటికి “హాస్ట్ డూ షోన్ గెగెస్సెన్?” అని అడిగితే, కలిసి తినడానికి రమ్మంటున్నారని అనుకోవడమే సహజం. ఆ వేళలో నడవలో ఎదురైనవాళ్లకు “మాల్‌ట్సైట్!” అంటే చాలు. జవాబు కూడా “మాల్‌ట్సైట్!”

మిమ్మల్నే అడిగితే? చెప్పడానికి పెద్ద కార్యక్రమం ఉండనక్కర్లేదు. “నిశ్ట్స్ బెజొండెరెస్” అంటే ‘విశేషమేమీ లేదు’. కానీ అక్కడే ఆపితే మాట చచ్చిపోతుంది, ఒక చిన్న కొక్కెం తగిలించండి. “నిశ్ట్స్ బెజొండెరెస్, ఆమ్ జామ్స్‌టాక్ ఫారె ఇశ్ నాఖ్ ల్యూబెక్.” శనివారం ల్యూబెక్ వెళ్తున్నాను. హాంబుర్గ్ నుంచి రైల్లో ముప్పావు గంట ప్రయాణం, బాదంపప్పుతో చేసే మార్ట్సిపాన్ మిఠాయికి పేరున్న ఊరు. ఆ పేరు వినగానే ఎదుటివారు ఏదో ఒకటి చెప్పకుండా ఉండరు. రాబోయే శనివారం గురించే అయినా వర్తమాన కాలం వాడాం, చూశారా? ‘శనివారం వెళ్తున్నాను’ అని మనం అన్నట్టే. పుస్తకంలోని భవిష్యత్ కాలాన్ని ఇక్కడ మోయనక్కర్లేదు. జాగ్రత్తపడాల్సింది ఒక్కటే: శనివారం వాక్యం మొదట్లోకి వస్తే ‘ఫారె’ రెండో స్థానంలోనే ఉండాలి, ‘ఇశ్’ దాని వెనక్కి వెళ్తుంది. “ఆమ్ జామ్స్‌టాక్ ఇశ్ ఫారె” అనడం మనవాళ్ల నోట తరచూ వినిపించే తప్పు.

ఆదివారం గురించి తెలియకపోతే మాత్రం కొన్ని సంభాషణలు అర్థం కావు. ఆదివారాన్ని విశ్రాంతి దినంగా కాపాడే నిబంధన 1919 నాటి వైమార్ రాజ్యాంగంలోని 139వ అధికరణం. దాన్ని నేటి రాజ్యాంగం కూడా తనలో కలుపుకుంది. దుకాణాలు దాదాపు అన్నీ మూతపడతాయి. ‘ఆదివారం సరుకులు తెచ్చుకుంటాను’ అంటే వాళ్లు మీకోసం కంగారుపడతారు. వారాంతపు కబుర్లన్నీ అందుకే నడకలు, తోటపని, కేకులు, బంధువుల చుట్టూ తిరుగుతాయి. హాంబుర్గ్‌లో దీనికో మినహాయింపు ఉంది, ఆదివారం తెల్లవారుజామున ఎల్బె నది ఒడ్డున జరిగే చేపల సంత. ఉదయం తొమ్మిదిన్నరకల్లా ముగిసిపోతుంది. ‘చూశావా?’ అని కొత్తవాళ్లను అందరూ అడుగుతారు. చూడకపోతే “నొఖ్ నిశ్ట్”, ఇంకా లేదు. ఆ ‘ఇంకా’ ఒక్కటీ ఉంటే చాలు, ఎప్పుడు వెళ్లాలో ఏం తినాలో వాళ్లే చెప్పుకుంటూ పోతారు.

కలుద్దామనే దాకా మాట వస్తే గడియారం దగ్గర జాగ్రత్త. “హాల్ప్ ఫీర్” అన్నారు. ఫీర్ అంటే నాలుగు. మనకు అలవాటైన లెక్కలో నాలుగున్నర అనిపిస్తుంది. కాదు, మూడున్నర. నాలుగు వైపు సగం దూరం వచ్చింది అని వాళ్ల లెక్క. మూడున్నరను మీరు మాటకు మాట మార్చి “హాల్ప్ డ్రై” అంటే అది రెండున్నర, ఎదుటివారు మీకంటే గంట ముందు వచ్చి తుంపరలో నిలబడతారు. అనుమానం ఉంటే అంకెల్లో చెప్పండి: “ఫ్యున్ఫ్‌ట్సేన్ ఊర్ డ్రైసిశ్”, పదిహేను గంటల ముప్పై నిమిషాలు. ఇందులో పొరపాటుకు చోటు లేదు.

నాలుగో మెట్టు: సెలవు తీసుకోవడం

మొదలుపెట్టడం కంటే ముగించడమే కష్టమని కొత్తగా వెళ్లినవాళ్లు అంటుంటారు. నాకూ మొదట్లో అదే జరిగింది. కప్పు ఖాళీ అయిపోయేది, ఎలా కదలాలో తెలియక ఇంకో కప్పు కాఫీ పట్టుకునేదాన్ని.

జర్మన్‌లో ముగింపుకు ఒక వరస ఉంది. మొదట ఒక చిన్న సంకేతం, తరువాత కారణం, ఆ తరువాత శుభాకాంక్ష, చివరగా మళ్లీ ఎప్పుడు కలుస్తామో. నాలుగూ కలిపి పది సెకన్లు.

సంకేతం “జో” అనే ఒక్క అక్షరం. కాస్త సాగదీసి, స్వరం దించుతూ అంటారు. కూర్చుని ఉంటే రెండు చేతులతో తొడల మీద చిన్నగా చరిచి మరీ అంటారు. మన ‘సరే’, ‘సరే మరి’ ఉన్నాయే, అదే ఇది. ఆ ఒక్క మాటతో ఎదుటివారికి సభ ముగిసిందని తెలిసిపోతుంది. దాని వెంట: “జో, ఇశ్ ముస్ డాన్ మాల్ వీడర్.” సరే, మరి నేను ఇక వెళ్లాలి. ఇందులో ‘డాన్’ మన ‘మరి’, ‘మాల్’ మాటను మెత్తబరిచే ‘కాస్త’ లాంటిది. ఈ రెండూ చూడటానికి చిన్న మాటలే కానీ మర్యాదంతా వాటిలోనే ఉంది. వాటిని తీసేసి “ఇశ్ ముస్ గేయెన్” అనండి. వ్యాకరణం ప్రకారం తప్పు లేదు, కానీ ‘నేను వెళ్లాలి’ అని కుర్చీ వెనక్కి తోసి లేచినట్టుంటుంది. ‘మరి నేను వస్తాను’కూ, ‘నేను పోవాలి’కూ ఉన్న తేడా మనకు వేరే చెప్పక్కర్లేదు.

కారణం ఒక్కటి చాలు, అదీ నిజమైనది. “ఇశ్ హాబె గ్లైశ్ ఐనెన్ టెర్మీన్”, ఇప్పుడే ఒక సమావేశం ఉంది. చాలా ఆఫీసుల్లో మీ క్యాలెండరు తోటివాళ్లకూ కనబడుతుందని మరిచిపోవద్దు. సమావేశమేదీ లేకపోతే “ఇశ్ ముస్ నొఖ్ వాస్ ఫెర్టిశ్ మాఖెన్” అనండి, ఇంకా పూర్తి చేయాల్సినది ఒకటుంది. ఇది ఎప్పుడూ నిజమే. మూడుసార్లు క్షమించమని అడగనక్కర్లేదు. పని ఉందని వెళ్లడం అక్కడ తప్పు కాదు. సంజాయిషీ పెరిగేకొద్దీ ఏదో దాస్తున్నట్టు అనిపిస్తుంది. ఎదుటివారి వైపు నుంచి చెప్పే పద్ధతి కూడా ఒకటుంది: “ఇశ్ విల్ డిశ్ నిశ్ట్ లెంగర్ ఔఫ్‌హాల్టెన్.” నిన్ను ఇంకా ఆపను. చేతిలో కాగితాలు పట్టుకుని నిలబడ్డవాళ్లతో మాట్లాడుతుంటే ఇంతకంటే మంచి వాక్యం లేదు.

శుభాకాంక్షలో మనవాళ్లు తడబడేది ష్యోనెన్, ష్యోనెస్ దగ్గర. పగలు, సాయంత్రం, పని ముగిసే వేళ జర్మన్‌లో పుంలింగాలు, వారాంతం నపుంసకం. అందుకని “ష్యోనెన్ టాక్ నొఖ్”, “ష్యోనెన్ ఆబెంట్”, “ష్యోనెన్ ఫైయర్‌ఆబెంట్”, కానీ “ష్యోనెస్ వొఖెన్‌ఎండె”. లింగాలు గుర్తుపెట్టుకునే కంటే ఈ నాలుగింటినీ నాలుగు మాటలుగా బట్టీ పట్టడం తేలిక. ఫైయర్‌ఆబెంట్ అంటే పని ముగిశాక మొదలయ్యే సొంత సమయం. ఇంటికి బయలుదేరుతున్న వారికి ఆ మాట చెప్పాలి. ఇంకో మూడు గంటలు కూర్చోవాల్సిన వారికి చెబితే పుండు మీద కారం చల్లినట్టే. మీకు ఎవరైనా చెబితే “డాంకె, గ్లైశ్‌ఫాల్స్” లేదా “డాంకె, డీర్ ఔఖ్”. ఇదే మీకూ అని. ఉత్త “డాంకె”తో ఊరుకుంటే తీసుకుని తిరిగి ఇవ్వనట్టు ఉంటుంది.

చివరి మాట నాకు చాలా ఇష్టమైనది. మన ఇళ్లలో ‘వెళ్తున్నా’ అంటే పెద్దవాళ్లు ఒప్పుకోరు. ‘వెళ్లొస్తాను’ అనాలి, తిరిగి రావడం ఆ మాటలోనే ఉండాలి. జర్మన్ వీడ్కోళ్లలోనూ ఇదే ఉంది. “ఔఫ్ వీడర్‌జేయెన్” అంటే మళ్లీ చూసుకునే దాకా. “బిస్ మోన్‌టాక్” అంటే సోమవారం దాకా. “బిస్ గ్లైశ్” ఇప్పుడే కలిసేట్టయితే, “బిస్ ష్పేటర్” ఇవాళే మళ్లీ కలిసేట్టయితే. “చ్యుస్” అంటే సరిపోతుంది కానీ దానికి ఒక ‘బిస్’ తగిలిస్తే వెళ్లొస్తానన్నట్టే.

మొత్తం సంభాషణ ఒకసారి

ఇందాకటి వంటగదికి వద్దాం. మొదటి మాట మీది.

“మొయ్న్! నా, నాస్ గెవొర్డెన్?”
“యా, ఉంట్ వీ!” (అడక్కు, ఎంతగానో!)
“ఆమ్ వొఖెన్‌ఎండె జొల్ ఎస్ ఆబర్ ట్రొకెన్ బ్లైబెన్.”
“డాస్ వేరె ష్యోన్. హాస్ట్ డూ షోన్ వాస్ ఫోర్?” (అలా అయితే బాగుణ్ను. ఏమైనా అనుకున్నావా?)
“ఆమ్ జామ్స్‌టాక్ ఫారె ఇశ్ నాఖ్ ల్యూబెక్. ఉంట్ డూ?”
“వీర్ వొలెన్ ఇన్ డెన్ గార్టెన్. డాస్ లౌప్ ముస్ వెక్.” (మేం తోటలో పని పెట్టుకున్నాం, రాలిన ఆకులు ఎత్తేయాలి.)
“హాప్ట్ ఈర్ ఐనెన్ గ్రోసెన్ గార్టెన్?” (మీ తోట పెద్దదా?)
“ఎస్ గేట్. ఆబర్ డ్రై గ్రోసె ఐశెన్!” (మరీ పెద్దదేం కాదు. కానీ మూడు పెద్ద ఓక్ చెట్లున్నాయి!)
“ఓయే! డాన్ ఫీల్ ఎర్ఫోల్క్! జో, ఇశ్ ముస్ డాన్ మాల్ వీడర్, ఇశ్ హాబె ఉమ్ హాల్ప్ ఎల్ఫ్ ఐనెన్ టెర్మీన్.”
“యా, క్లార్. ష్యోనెస్ వొఖెన్‌ఎండె!”
“డాంకె, డీర్ ఔఖ్! బిస్ మోన్‌టాక్.”

‘ఓయే! డాన్ ఫీల్ ఎర్ఫోల్క్!’ అంటే అయ్యో, అయితే పని బాగా సాగాలి అని. హాల్ప్ ఎల్ఫ్ అంటే పదిన్నర అని ఇప్పటికి మీకు తెలుసు. తోట గురించి మీరడిగిన ప్రశ్నను గమనించండి. ఎదుటివారి వాక్యంలోని ఒక మాటను తీసుకుని దాని మీదే అడిగారు. కొత్త విషయం వెతుక్కునే అవసరం రాలేదు. సోమవారం ఉదయం “నా, ఇస్ట్ డాస్ లౌప్ వెక్?”, ఆకులు ఎత్తేశారా అని అడిగితే ఆయన మొహం వెలిగిపోతుంది. పేరు మరిచిపోయినా పరవాలేదు కానీ ఆ ఓక్ చెట్లను గుర్తుపెట్టుకోండి.

ఎదుటివారు ముగిస్తున్నారని ఎలా తెలుస్తుంది

‘ఇక చాలు’ అని ఎవరూ అనరు. కానీ ‘అవును, అంతే’ అనే అర్థంలో వాడే “గెనౌ” అనే మాట వెంటవెంటనే రెండు మూడు సార్లు వినబడి, వెనుక వాక్యమేదీ రాలేదంటే అవతల మాట అయిపోయిందని. “నా డాన్…” అని సాగదీస్తే అది సెలవు తీసుకోబోతున్నారని. “ఇశ్ లాస్ డిశ్ మాల్ ఆర్బైటెన్”, నిన్ను పని చేసుకోనిస్తాను అన్నారంటే, తమ పనికి వెళ్లాలని చెబుతున్నారు. ‘లేదు, నాకేం పని లేదు, చెప్పండి’ అని మనం మర్యాదకు ఆపుతాం. అక్కడ ఆపకూడదు. “ఆలెస్ క్లార్, బిస్ ష్పేటర్!” అని నవ్వుతూ వదిలేయండి.

మనకు గుమ్మం దగ్గర మాటలు అలవాటు. చెప్పులు వేసుకున్నాక ఇంకో అరగంట నిలబడతాం, అసలు కబుర్లన్నీ అప్పుడే వస్తాయి. అది మన దగ్గర ప్రేమ. జర్మన్ ఆఫీసులో మాత్రం ‘బిస్ మోన్‌టాక్’ అన్నాక తలుపు దగ్గర ‘అన్నట్టు…’ అని కొత్త విషయం తీస్తే, అప్పటికే సగం తిరిగిన మనిషిని పట్టి ఆపినట్టవుతుంది. గుర్తొచ్చిన ఆ మాటను సోమవారానికి దాచుకోండి. ఆ రోజుకు కొత్త విషయం వెతుక్కునే పని తప్పుతుంది.

ఇంతా చేసి వీడ్కోలు చెప్పుకున్నాక, పావుగంటలో అదే మనిషి నడవలో ఎదురవుతారు. మళ్లీ పలకరించాలా అని తికమకపడనక్కర్లేదు. “గూటెన్ మోర్గెన్” ఒకరికి రోజుకు ఒక్కసారే. తల పంకిస్తే సరిపోతుంది. ఇంకాస్త కలుపుగోలుగా ఉండాలనిపిస్తే “నా, జో ష్నెల్ జీట్ మాన్ జిశ్ వీడర్!” అనండి. ‘ఇంత తొందరగా మళ్లీ కలిశామే!’ అని. అంటూనే నడిచిపోండి, ఆగకండి.